సెల్ఫీలో ముక్కు పెద్దదవడానికి కారణం లెన్సా, దూరమా?

నిన్న ఒకే కిటికీ వెలుగులో, ఫోను ముందు కెమెరాతోనే రెండు ఫొటోలు తీసుకున్నాను. ఒకటి ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో, రెండోది టైమరు పెట్టి 150 సెంటీమీటర్ల దూరం నుంచి. రెండోదాన్ని కత్తిరించి ముఖాలను ఒకే పరిమాణానికి తెచ్చి చూస్తే, మొదటిదానిలో ముక్కు ఉబ్బింది, చెవులు వెనక్కి నక్కాయి. (అద్దంలో నా ముక్కు ఇంత ఘనమైనది కాదు!)

నా చెవులు ముక్కు కొనకు సుమారు 12 సెంటీమీటర్లు వెనుక ఉన్నాయి. అంటే దగ్గరి ఫొటోలో కెమెరాకు చెవుల దూరం ముక్కు దూరానికి 1.4 రెట్లు, రెండోదానిలో 1.08 రెట్లే. ఈ లెక్కన తప్పు దూరానిదే, వైడ్ లెన్సుది కాదనిపిస్తోంది.

మరి 150 సెంటీమీటర్ల నుంచే జూమ్ లెన్సుతో తీస్తే, కత్తిరించిన ఫొటోతో పోలిస్తే ముఖం తీరులో తేడా వస్తుందా? ముఖం ఫ్రేము అంచుకు చేరినప్పుడు సాగినట్టు కనిపించడం వేరే సంగతేనా? పరీక్షించి చూసినవారు చెప్పగలరా?