డ్రమ్ సీడర్ వరిలో 60వ రోజు ఊద: తీయించాలా, వదిలేయాలా?

కావ్య_ఏజీ
నేరుగా విత్తిన వరిలో కలుపు పోటీకి కీలక దశ 15 నుంచి 45 రోజులు అని మాకు క్లాసులో చెప్పారు. మా నాన్న చేను డ్రమ్ సీడర్‌తో వేసింది, ఇప్పుడు 60వ రోజు. వరి మీదుగా ఊద గడ్డి కంకులు కనిపిస్తున్నాయి. 45 దాటింది కాబట్టి వదిలేయొచ్చా? కూలీని పెట్టి తీయించాలా? 20వ రోజున బిస్పైరిబాక్ అనే కలుపు మందు కొట్టారు. అయినా చావలేదంటే ఊద ఆ మందును తట్టుకుంటున్నట్టా, ఇది రెసిస్టెన్సా?

షాపు_సుబ్బు
రెసిస్టెన్సూ లేదు, ఏమీ లేదమ్మా. మన రైతు ఎకరానికి 100 మి.లీ. కొట్టమంటే 60 మి.లీ. కొడతాడు, అదీ ఆరు ట్యాంకులకు సర్దుతాడు. ఊద అప్పటికే నాలుగు ఆకులు దాటి పిలక వేసి ఉంటుంది. ఫుల్ డోసు, సరైన టైము, అంతే. డోసు తగ్గిస్తేనే కలుపు మందుకు అలవాటు పడుతుంది.

గోదారి_కౌలు
సుబ్బు గారూ, డోసు సంగతి తర్వాత. 20వ రోజున మందు కొట్టాలంటే ముందు మడిలో నీళ్లు తీయాలి, కొట్టాక రెండు మూడు రోజులకు మళ్లీ పెట్టాలి. మా కాలువ చివర నీళ్లు ఒకసారి తీసేస్తే మళ్లీ ఎప్పుడొస్తాయో దేవుడికెరుక. పోయిన సార్వాలో కొట్టాక తొమ్మిది రోజులు మడి ఎండింది. ఊద రెండో దఫా గుప్పున లేచింది. కీలక దశ అని పుస్తకంలో రాసినవాళ్లు మా చివరి తూము దగ్గరికి వచ్చి చూశారా?

పాత_ఏఓ
కావ్యా, మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. ముందు కీలక దశ సంగతి.

ఆ 15, 45 అనేవి రెండు వేర్వేరు ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలు. మొదటి వరస మడుల్లో కలుపును మొదటి నుంచీ పెరగనిచ్చి, ఒక మడిలో 10వ రోజున, ఇంకో మడిలో 20వ రోజున, మరోదాంట్లో 30వ రోజున తీసేసి, ఆపైన కోత దాకా శుభ్రంగా ఉంచుతారు. ఎన్నాళ్లు కలుపు ఉన్నా దిగుబడి తగ్గలేదో దీంట్లో తెలుస్తుంది. రెండో వరసలో తిరగేస్తారు. మొదటి 10 రోజులో, 20 రోజులో, 30 రోజులో శుభ్రంగా ఉంచి, ఆపైన వదిలేస్తారు. ఎన్నాళ్లు శుభ్రంగా ఉంచితే తర్వాత వచ్చిన కలుపు నష్టం చేయదో ఇందులో తేలుతుంది. రెండు గీతలూ గ్రాఫు మీద వేసి, 5 శాతం నష్టం దగ్గర గీత కోస్తే ఆ మధ్య మిగిలేదే కీలక దశ. శుభ్రమైన మడిలో 30 బస్తాలు పండితే, బస్తాన్నర పోయినా ఫర్వాలేదు అనుకుని గీసిన గీత అది. కలుపు ఒత్తుగా ఉన్నచోట దశ ముందే మొదలై ఆలస్యంగా ముగుస్తుంది. అందుకే 15-45 ప్రతి చేనికీ ఒకేలా ఉండదు.

45 తర్వాత అనేది *మొలిచిన* కలుపు గురించి. వరి గుబురు కట్టాక నీడలో మొలిచిన ఊద 60వ రోజుకు వరి మీద తల ఎత్తదు. మీ నాన్న చేలో కంకి వేసి పైకి నిలబడ్డది మొదట్లోనే మొలిచి, 20వ రోజు మందు నుంచి తప్పించుకున్నది. అది చేయాల్సిన నష్టంలో చాలా భాగం ఇప్పటికే చేసేసింది.

పత్తి_మల్లన్న
మా పత్తిలో 30వ రోజు. గుంటక తోలాలా, మందు కొట్టాలా? వానలు పడుతున్నయ్.

షాపు_సుబ్బు
అదే కదా నేననేది. తప్పించుకుంది అంటే డోసు తక్కువ కొట్టారనేగా?

పాత_ఏఓ
తక్కువ డోసు ఒక కారణం కావచ్చు. ఒక్కటే కారణం మాత్రం కాదు. చేలోకి దిగితే తేడా తెలుస్తుంది. మిగిలిన ఊద ట్యాంకు నడిచిన దారి వెంట పట్టీలుగా ఉంటే కొట్టడంలో లోపం. గట్ల వెంట, మెరక మీద ఉంటే నీళ్ల సమస్య, ఆలస్యంగా మొలిచింది. ఒకే మడిలో, ఒకే వయసు ఊద మొక్కలు రెండు పక్కపక్కనే ఉండి ఒకటి చచ్చి ఒకటి పచ్చగా పిలకలు వేస్తూ ఉంటే, తుంగ, గుంటగలగర లాంటివన్నీ చచ్చి ఊద ఒక్కటే గుంపులుగా మిగిలితే, అప్పుడు అనుమానించాలి. ఈ మందు నెమ్మదిగా చంపుతుంది. చావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అయిదో రోజునే చూసి మందు పనిచేయలేదని షాపు మీదికి వెళ్లేవాళ్లూ ఉన్నారు.

ఇంకో మాట, అది ఊదేనా అని ముందు చూడమనండి. ఆకు కాండానికి అంటే చోట వరికి తెల్లటి పల్చని పొర నిలబడి ఉంటుంది. ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. లెప్టోక్లోవా అనే గడ్డికి పొర ఉంటుంది, దాని కంకి సన్నటి ఈనెలు విప్పినట్టు ఉంటుంది. దాని మీద బిస్పైరిబాక్ మొదటి నుంచీ సరిగా పనిచేయదు. అదే మందు ఏటా కొడితే ఊద తగ్గి ఆ గడ్డి పెరుగుతుంది. దాన్ని రెసిస్టెన్స్ అనకూడదు.

కావ్య_ఏజీ
నాన్న ఇప్పుడే ఫోన్ చేశారు. పొర లేదట. పట్టీలుగా లేదు, నాలుగైదు చోట్ల గుంపులుగా ఉందట. నాలుగేళ్లుగా ఇదే మందు కొడుతున్నారు. పోయినేడు మాత్రం పినోక్సులామ్ కొట్టారు, మందు మార్చమన్నారని.

పాత_ఏఓ
అది మార్చినట్టు కాదమ్మా. బిస్పైరిబాక్, పినోక్సులామ్, పైరజోసల్ఫ్యూరాన్ అన్నీ మొక్కలో ఒకే ఎంజైమును ఆపేవే, ఏఎల్ఎస్ అంటారు. సీసా రంగు మారింది, దెబ్బ తగిలే చోటు మారలేదు. సైహలోఫాప్ వేరే చోట దెబ్బ కొడుతుంది, అది గడ్డి జాతి మీదే పనిచేస్తుంది. విత్తిన మూడు నుంచి అయిదు రోజుల్లో, వరి మొలకను కాపాడే సేఫ్నర్ కలిపిన ప్రెటిలాక్లోర్ వేయడం ఇంకో దారి.

షాపు_సుబ్బు
అయినా ఫుల్ డోసు కొట్టుంటే ఇంతదాకా వచ్చేది కాదు. తగ్గించి కొట్టడం వల్లే మందు తట్టుకోవడం నేర్చుకుంది.

పాత_ఏఓ
సగం నిజం. మొక్క మందును లోపలే విరగ్గొట్టుకునే రకం తట్టుకోలు ఉంటుంది, అది తక్కువ డోసుల మధ్య మెల్లగా పోగవుతుంది. ఆ సంగతిలో మీ మాట సరే. ఎంజైములోనే చిన్న మార్పు ఉన్న మొక్కకు మాత్రం రెట్టింపు డోసు కొట్టినా ఒకటే. దానికి మందు నేర్పేదేమీ లేదు. మందు రాకముందే లక్షల్లో ఒకటిగా ఆ మొక్క అక్కడుంది. మిగతావాటిని మనమే చంపి దానికి చోటిచ్చాం.

ఊహకు ఒక లెక్క. చదరపు మీటరుకు 250 ఊద మొలకలంటే ఎకరాకు పది లక్షలు. పది లక్షల్లో ఒకటి తట్టుకునేది ఉందనుకుందాం. మొదటి ఏడు ఎకరాలో ఒక్క మొక్క మిగిలింది, మీకు కనిపించనే కనిపించదు. అది 2,000 గింజలు రాల్చి వాటిలో 5 శాతం మొలిచినా పై పంటకు 100 మొక్కలు. ఆపై పంటకు పది వేలు. మీరు గుంపులు చూసి అరే అనేసరికి మూడో మెట్టు మీద ఉన్నారు.

గోదారి_కౌలు
అట్లా అయితే మూడేళ్లలో దేశమంతా పోవాలి. హర్యానాలో గోధుమ చేలల్లో ఐసోప్రోట్యూరాన్ అనే కలుపు మందు పనిచేయకుండా పోవడానికి పదేళ్లు పైనే పట్టిందని మీలాంటివాళ్లే చెప్పారు.

పాత_ఏఓ
పట్టింది. ఫలారిస్ మైనర్ అనే గోధుమ చేల కలుపు గడ్డి మీద ఆ మందు వరసగా పది, పదిహేనేళ్లు కొట్టాక 1990ల మొదట్లో బయటపడింది. నా లెక్కలో మట్టిలో పాత విత్తనాలు లేవు. నిజం చేలో ఏళ్ల తరబడి పడి ఉన్న మామూలు ఊద విత్తనం కూడా ఏటా మొలిచి తట్టుకునేదాన్ని పలుచన చేస్తుంది, అందుకే ఆలస్యం. హర్యానాలో కొందరు గోధుమను పచ్చిగానే పశువుల మేతకు కోసేశారు. తర్వాత 1990ల చివర్లో వచ్చిన కొత్త మందుల్నీ అదే పద్ధతిలో వాడి, వాటికీ తట్టుకునే ఫలారిస్‌ను తెచ్చుకున్నారు. వరి, గోధుమ, మళ్లీ వరి అన్నచోటే సమస్య ముదిరింది. పంట మార్చిన చేలల్లో తక్కువ.

కావ్యా, మీ అసలు ప్రశ్నకు నా జవాబు: ఈ గుంపులు తీయించండి. ఈ పంట కోసం కాదు. ఊద గింజ వరి కోతకన్నా ముందే పండి రాలుతుంది. కంకి ఇంకా పచ్చగా ఉన్నప్పుడే మొక్కల్ని గోతాంలో వేసి గట్టు దాటించాలి, కోసి మడిలోనే పడేస్తే లాభం లేదు.

గోదారి_కౌలు
"ఈ పంట కోసం కాదు"!! ఇదీ అసలు మాట. ఏఓ గారూ, నేను ఆరెకరాలు కౌలుకు చేస్తా. ఏటేటా నోటి మాట మీదే కౌలు, కాగితం లేదు. పోయినేడు కూలీ పెట్టి ఊద మొత్తం పీకించా, దమ్ములో పాత విత్తనం మొలిపించి తొక్కించా. చేను బాగుందని సంక్రాంతి తర్వాత భూమి ఓనరు కౌలు రెండు బస్తాలు పెంచి ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఊద లేకపోవడం నేను కొన్నది, తిన్నది వాడు. ఇప్పుడు వచ్చే ఏటి విత్తనం కోసం నేను కూలీ కట్టాలా? మీ 5 శాతం గీత నాకు సరిపోయింది. 45 దాటాక నేను మడి తొక్కను.

కొబ్బరితోట
ఇది రైట్ 👆

పాత_ఏఓ
మీకు జరిగింది అన్యాయమే. అయినా విత్తనం గట్టు చూసి ఆగదు కదా. మీ మడిలో రాలింది కోత మిషన్‌లో పక్క చేలోకి పోతుంది.

గోదారి_కౌలు
అదే మిషన్ పక్క చేలోది నా మడిలోకి తెస్తుంది. నేనొక్కణ్ని పీకితే ఏం లాభం? మిషన్ కడగమని ఓనరుకు చెప్పండి. భూమి ఓనరుకు కూడా.

షాపు_సుబ్బు
కౌలు రైతు ఏకంగా నాలుగేళ్లకు రాసుకున్న కాగితం ఉంటే ఇవన్నీ చేస్తాడు. లేకపోతే నా షాపుకు వచ్చి చౌక సీసా ఏది అంటాడు. నేను ఇదివరకు ఎన్నిసార్లు సైహలోఫాప్ తీసి బల్ల మీద పెట్టానో. రేటు చూసి పక్కకు జరిపేస్తారు.

కావ్య_ఏజీ
మాది సొంత చేనే, రెండెకరాలు. ఆదివారం పీకుదామన్నారు నాన్న. సార్, నిజంగా రెసిస్టెన్సో కాదో తేల్చడానికి గింజ దాచొచ్చా? పీకేస్తే గింజ దొరకదు కదా?

పాత_ఏఓ
నాలుగైదు మొక్కలు మాత్రం ఉంచి, కంకికి పల్చటి గుడ్డ సంచి కట్టండి. గింజ పండి అందులోనే రాలుతుంది. కాగితం కవర్లో ఆరబెట్టి పెట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు, బూజు పడుతుంది. తాజా గింజ వెంటనే మొలవదు, నిద్ర తీరడానికి కొన్ని నెలలు ఆగాలి. తర్వాత కుండీల్లో వేసి మూడు నాలుగు ఆకులప్పుడు కొట్టాలి. కొన్నిటికి అసలు మందు లేకుండా, కొన్నిటికి సరైన డోసు, కొన్నిటికి రెట్టింపు. పక్కనే ఎన్నడూ ఈ మందు పడని చోటు నుంచి తెచ్చిన ఊద కూడా ఉండాలి. అది లేకపోతే మీ మొక్కలు బతికినా దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. మూడు నాలుగు వారాలకు లెక్కపెట్టండి.

కావ్య_ఏజీ
మందు పడని ఊద ఎక్కడ దొరుకుతుంది సార్, మా మండలంలో?

గోదారి_కౌలు
చెరువు గట్టు మీద చూడమ్మా. రోడ్డు పక్క బోదెల్లో వద్దు, అక్కడికీ మందు నీళ్లే పారతాయి.

పత్తి_మల్లన్న
నా పత్తి గురించి ఎవరన్నా చెప్పండ్రి.