“తీవ్రత 5.3గా నమోదైంది”: ఈ మాట సరైనదేనా?

డెస్కు మనిషి:
పత్రికలో పనిచేస్తాను. 2024 డిసెంబరు 4న పొద్దున్నే 7.27కి ములుగు దగ్గర భూకంపం వచ్చినప్పుడు అలవాటుగా “రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3గా నమోదైంది” అని రాశాను. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశాడు. “మా ఇంట్లో ఫ్యాన్ కూడా కదల్లేదు, మాకూ 5.3 తీవ్రతేనా?” అన్నాడు. నవ్వేసి పెట్టేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. ‘తీవ్రత’ ఇక్కడ తప్పు మాటా?

హనుమకొండవాసి:
మేం ఉండేది మూడో అంతస్తులో. వంటగది అరలో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుని గలగలమన్నాయి. మా అమ్మ బీపీ పెరిగి కళ్లు తిరుగుతున్నాయేమో అనుకుని గోడ పట్టుకుంది. ఇంత జరిగితే కింద వాచ్‌మన్‌కు ఏమీ తెలియలేదట! ఒక్క అపార్ట్‌మెంటుకే రెండు తీవ్రతలా?

జియాలజీ మాస్టారు:
డెస్కు మిత్రమా, మీ పాఠకుడు పట్టుకున్నది అసలైన తప్పునే. 5.3 అన్నది ములుగుకో హైదరాబాద్‌కో చెందిన అంకె కాదు, ఆ భూకంపానికి చెందినది. ఎక్కడ కూర్చుని కొలిచినా, దూరాన్ని లెక్కలోంచి తీసేశాక, అదే రావాలి. దీన్ని మేం పరిమాణం అంటాం. తీవ్రత అంటే ఫలానా ఊళ్లో నేల ఎంత ఊగింది, మనుషులకూ ఇళ్లకూ ఏమైంది అన్నది. అది ఊరూరికీ మారుతుంది. దానికి 1 నుంచి 12 వరకు మెట్లున్న మెర్కలీ స్కేలు వేరే ఉంది. దాని అంకెలను రోమన్‌లో రాస్తారు, రెండూ కలిసిపోకుండా.

హనుమకొండ గారూ, గిన్నెలు, తలుపులు గలగలమంటే సుమారు నాలుగో మెట్టు. లారీ పక్కనుంచి పోయినట్టు అనిపించి ఊరుకుంటే మూడు. అందరూ బయటికి పరుగెత్తి, పెచ్చులు రాలితే ఆరు. పై అంతస్తు ఎక్కువ ఊగుతుంది కాబట్టి మీ ఒక్క ఫ్లాటును పట్టుకుని ఊరికి అంకె వేయరు. వాచ్‌మన్‌నీ అడుగుతారు, పక్క వీధినీ అడుగుతారు.

లెక్కల సారు:
ఇంత అవసరమా? రిక్టర్ స్కేలు 10 మార్కుల పేపర్ లాంటిది. ఒక్క అంకె పెరిగితే 10 రెట్లు పెద్దది. అంతే కదా.

జియాలజీ మాస్టారు:
సగం నిజం సారూ. 10 రెట్లు పెరిగేది యంత్రం గీసే అల ఎత్తు. బయటపడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. పదికి అన్న గీత ఎక్కడా లేదు. ఇంతవరకూ కొలిచినవాటిలో పెద్దది 1960 నాటి చిలీ భూకంపం, 9.5. అది ప్రకృతి వల్ల వచ్చిన హద్దే గానీ స్కేలు పెట్టినది కాదు. ఇంకోమాట: రిక్టర్ 1935లో తన లెక్కను కట్టింది దక్షిణ కాలిఫోర్నియా కోసం. పెద్ద భూకంపాలకు ఇప్పుడు వాడే పద్ధతి వేరు. పగులు వెంట ఎంత వైశాల్యంలో రాయి జరిగింది, ఎంత దూరం జరిగింది, ఆ రాయి ఎంత గట్టిది, ఈ మూడింటినీ గుణించి అంకె కడతారు. ములుగులో కొలిచిన లెక్క కాదు గానీ, నాలుగైదు కిలోమీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న రాతి ముఖం జానెడు జరిగితే ఇంచుమించు 5.3 వస్తుంది. అందుకే పరిమాణం అనే మాట నాకు నచ్చుతుంది, అందులో ఆ కొలత వినిపిస్తుంది.

మేడారం దారిలో:
అంతకు మూడు నెలల ముందు మా తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా పడిపోయాయి. భూమి అప్పుడే చెప్పింది, మనం వినలేదు అని మావాళ్లు అంటున్నారు.

జియాలజీ మాస్టారు:
ఆ మాట చాలా తిరిగింది అన్నా. చెట్లను పడగొట్టింది గాలి. భూకంపం పుట్టిన లోతు 40 కిలోమీటర్లని నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ ఇచ్చింది. అంత లోతున సర్దుకునే రాయి మూడు నెలల ముందు పైన గాలివాన తేలేదు.

మీ ప్రాంతంలోనే ఎందుకంటే, గోదావరి లోయ పాత గాయం. కోట్ల ఏళ్ల కిందట నేల అక్కడ చీలబోయి, పూర్తిగా చీలకుండానే ఆగిపోయింది. ఆ పగుళ్లు కింద అలాగే ఉన్నాయి. భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతుంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, పీఠభూమి అంతా ఓర్చుకుంటుంది. పగులు రెండు వైపులా రాయి రాపిడితో పట్టుకుని ఉంటుంది. పట్టు చాలనినాడు ఒక్కసారిగా జారుతుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చిందీ ఈ లోయలోనే.

పదకోశి:
పరిమాణం అంటే మామూలు పాఠకుడు “సైజు ఎంత? అడుగుల్లోనా?” అంటాడు. నా ప్రతిపాదన: అంకెకు ‘బలం’, ఊళ్లో తెలిసినదానికి ‘అదురు’. “ములుగులో 5.3 బలం గల భూకంపం, హనుమకొండలో అదురు నాలుగు.” నేల అదిరింది అని ఎలాగూ అంటాం కదా.

డెస్కు మనిషి:
అదురు నాలుగు అని హెడ్డింగ్ పెడితే సినిమా రేటింగ్ అనుకుంటారండీ!

కొత్త ఇంటాయన:
ఇవన్నీ సరే, మా గోడకు పగులు వచ్చింది. భూకంపం వల్లే అని కట్టినాయన అంటున్నాడు. మాది హైదరాబాద్. 5.3కి గోడ పగులుతుందా?

జియాలజీ మాస్టారు:
చూశారా, ప్రశ్నలోనే ఆ పొరపాటు ఉంది. 5.3కి గోడ పగులుతుందా అని అడగకూడదు, మీ వీధిలో ఎంత ఊగింది అని అడగాలి. చుట్టుపక్కల ఎవరింట్లోనూ పెచ్చు కూడా రాలకపోతే, భూకంపం మీద నెట్టేయడాన్ని నేనైతే నమ్మను. గోడ చూడకుండా అంతకన్నా చెప్పలేను, ఇంజినీరుకు చూపించండి.

ఒకే అంకె ఎంత మోసం చేస్తుందో చెప్పాలంటే 1993 సెప్టెంబరు 30 చాలు. లాతూర్ జిల్లా కిల్లారి, తెల్లవారుజామున నాలుగు కాబోతుండగా. పరిమాణం 6.2 దగ్గర. ములుగు కన్నా శక్తి ఇరవై రెట్లకు పైనే, నిజం. కానీ ప్రపంచంలో ఏటా ఆరు దాటిన భూకంపాలు వందకు పైగా వస్తాయి, చాలావాటి పేరు కూడా మనకు తెలియదు. కిల్లారిలో జారిన పగులు పైపైనే ఉంది, ములుగు లోతులో పావు వంతు కూడా లేదు. పైగా అక్కడి ఇళ్లకు మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు, మీద మట్టి మిద్దె. నిద్రలో ఉన్నవాళ్ల మీద అవే కూలాయి. వేలమంది పోయారు. తీవ్రత అనేది ఆ గోడల దగ్గర తెలిసింది, 6.2లో లేదు.

లెక్కల సారు:
పరిమాణం భూకంపానికి ఒక్కటే అన్నారు. మరి 2001 భుజ్‌కి మన వాతావరణ శాఖ 6.9 అంది, అమెరికావాళ్లు 7.7 అన్నారు. ఏది మీ పరిమాణం?

జియాలజీ మాస్టారు:
దొరికిపోయాను. జరిగినది ఒక్కటే, కొలిచే పద్ధతులు రెండు. కొన్ని పాత పద్ధతులు పెద్ద భూకంపాల దగ్గర చేతులెత్తేస్తాయి, అంకె ఇక పైకి పోదు. ఏ పద్ధతో చెప్పకుండా అంకె ఒక్కటే వేయడం కూడా డెస్కువాళ్ల ఖాతాలోనే రాసుకోండి.

డెస్కు మనిషి:
రాసుకున్నాను. నిన్న నమూనాగా “5.3 పరిమాణం” అని రాసి మా పెద్దాయనకు చూపిస్తే కొట్టేసి మళ్లీ ‘తీవ్రత’ పెట్టారు. “అరవై ఏళ్లుగా జనం ఇదే చదువుతున్నారయ్యా, ఇప్పుడు ఆ మాటకు అర్థం అదే” అన్నారు. భాషాపరంగా ఆయన మాటా కొట్టిపారేయలేను. ప్రస్తుతానికి మాట తీసేసి “ములుగులో 5.3 భూకంపం” అని పెట్టి, కింద ఏ ఊళ్లో ఏమైందో విడిగా రాస్తే ఎలా ఉంటుంది?

పదకోశి:
సమస్యను దాటేశారు, తీర్చలేదు. ‘అదురు’ మీద ఓటింగ్ పెడతాను.

హనుమకొండవాసి:
పెట్టండి. గిన్నెలు నా వైపు.