వారెన్, బ్రాండైస్ వ్యాసం: ప్రైవసీ ఆ తీర్పుల్లో ఉందా, వీళ్ళు తెచ్చి పెట్టారా?

రెండోసెమిస్టర్: 1890లో హార్వర్డ్ లా రివ్యూలో అమెరికా లాయర్లు వారెన్, బ్రాండైస్ రాసిన ‘ది రైట్ టు ప్రైవసీ’ మీద సెమినార్ పేపర్ రాయాలి. వాళ్ళు చూపించిన పాత ఇంగ్లీషు తీర్పుల్లో ప్రైవసీ హక్కు నిజంగానే ఉందా, లేక వీళ్ళే తెచ్చి పెట్టారా? మేడమ్ “నీ అభిప్రాయం రాయి” అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

పాతకోర్టు: వీళ్ళే పెట్టారు. వాళ్ళకి ప్రాణం లాంటి కేసు ప్రిన్స్ ఆల్బర్ట్ వర్సెస్ స్ట్రేంజ్, 1849. విక్టోరియా రాణీ, భర్తా సరదాకి ఎచింగులు, అంటే లోహపు పలక మీద గీసి అచ్చేసే బొమ్మలు, చేసుకున్నారు. అచ్చుకి పలకలు విండ్సర్‌లో ఒక ప్రింటర్‌కి ఇస్తే, అక్కడి పనివాడు దొంగచాటుగా అదనపు కాపీలు తీసుకున్నాడు. అవి చేతులు మారి స్ట్రేంజ్ దగ్గరికి చేరాయి. అతను ప్రదర్శన పెడతానని కేటలాగ్ కూడా తయారు చేశాడు. జడ్జి లార్డ్ కాటెన్‌హామ్ ఆపేశాడు. ఏ కారణంతో? ఒకటి, బొమ్మలు వాళ్ళ ఆస్తి. రెండు, నమ్మి అప్పగించినదాన్ని బయటపెట్టడం నమ్మకద్రోహం. ఆ రెండు కాళ్ళ మీదే తీర్పు నిలబడింది.

మరి వ్యాసం ఏం చేసింది? అదే తీర్పులోంచి “ఇక్కడ ఉల్లంఘన జరిగింది ప్రైవసీకే” అనే అర్థం వచ్చే ముక్కను కోట్ చేసింది. తీర్పు తెరిచి ఆ వాక్యం మొత్తం చదవండి. ఇంజంక్షన్, అంటే ఆపమనే కోర్టు ఉత్తర్వు, ఆలస్యమైతే ఇవ్వనట్టే అవుతుంది అని చెప్పే చోట వచ్చిన మాట అది. హక్కు ఎక్కడిదో తేల్చే చోటు కాదు. పేపర్‌లో ఈ ఒక్క పాయింట్ రాసినా చాలు.

గోదావరిగట్టు: వారెన్ కూతురి పెళ్ళి గురించి పేపర్లు చెత్త రాస్తే కోపంతో రాసిన వ్యాసం కదా ఇది! పైగా మన రాజమండ్రి సుబ్బారావు గారు ఖరక్ సింగ్ కేసులో అసమ్మతి తీర్పు రాశారు, 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు అదే ఒప్పుకుంది. ఇంకా ఉందా లేదా అని చర్చ దేనికి?

బెజవాడబార్: గట్టు గారూ, వారెన్ పెళ్ళే 1883లో జరిగింది. 1890 నాటికి కూతురికి పెళ్ళెలా చేస్తారండీ? ఆ కథ అమెరికా లా ప్రొఫెసర్ ప్రాసర్ 1960లో రాసిన వ్యాసంతో ఊరంతా పాకింది. సుబ్బారావు గారి సంగతి నిజమే. కానీ ఖరక్ సింగ్, పుట్టస్వామి రెండూ ప్రభుత్వం మీద హక్కు గురించి. వ్యాసం అడిగింది పత్రిక మీద దావా వేసే హక్కు. రెండూ కలిపితే పేపర్ పోతుంది.

ఇక పాతకోర్టు గారికి. ముక్క కోసి కోట్ చేశారు, ఒప్పుకుంటాను. కానీ మీరు అంతకంటే గట్టి వాదన వదిలేశారు. వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది: ఒకాయన కొడుక్కి ఉత్తరంలో “ఫలానా రోజు మీ అమ్మతో కలిసి భోంచేయలేదు” అని రాశాడు. ఆ ఉత్తరం ఎవరి చేతికి చిక్కినా, వాక్యాన్ని కాపీ కొట్టకుండా సంగతి మాత్రం అచ్చేసినా కోర్టు ఆపుతుంది. అంటే కాపాడుతున్నది ఏమిటి? ఆయన శైలినా? కాదు, ఇంట్లో జరిగిన ఆ సంగతిని. స్ట్రేంజ్ కేసులో కేటలాగ్‌నీ ఆపారంటే కారణం అదే. ఒక్క బొమ్మా అచ్చేయని కేటలాగ్‌కి ‘ఆస్తి’ వాదన ఎలా అతుకుతుంది? తీర్పు చెప్పిన కారణం వేరు, తీర్పును నిలబెట్టే కారణం వేరు. తీర్పు మీద తీర్పుగా వచ్చే కామన్ లా ఎప్పుడూ ఇలాగే పెరిగింది.

పాతకోర్టు: నమ్మకద్రోహానికి అతుకుతుంది కదా సార్! దానికి ప్రైవసీ ఎందుకు? ఇంగ్లండ్ అదే దారిలో నడిచింది. అక్కడ 2003లో వెయిన్‌రైట్ కేసులో కూడా అప్పటి పై కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ సాధారణ ప్రైవసీ టార్ట్, అంటే ఒప్పందం లేకపోయినా దావా వేయగల తప్పు, లేదనే చెప్పింది. తమ తీర్పుల అర్థం తమకు తెలీదా?

సీమశైలు: మా చెల్లెలి సీమంతం ఫొటో స్టూడియోవాడు అడగకుండా ఫ్లెక్సీ మీద వేశాడు, బస్టాండ్ ఎదురుగా. నెల రోజులు పోట్లాడితే గానీ తీయలేదు. ప్రైవసీ లేదనేవాళ్ళకి ఇలాంటిది జరిగితే తెలుస్తుంది.

చదువరి77: శైలు గారూ 🙏

బెజవాడబార్: శైలు గారూ, మీ కేసు అచ్చం పొలార్డ్ కేసు, 1888. ఇంగ్లండ్‌లో ఒకామె ఫొటో తీయించుకుంటే స్టూడియో దాన్ని క్రిస్మస్ కార్డుగా వేసి అమ్మకానికి పెట్టింది. జడ్జి నార్త్ ఆపించాడు. ఫొటో ఆమెకే ఇవ్వాలన్నది చెప్పకపోయినా ఉన్న ఒప్పందం, దాన్ని తప్పడం నమ్మకద్రోహం అన్నాడు.

పాతకోర్టు: చూశారా! శైలు గారికి కూడా ప్రైవసీ లేకుండానే న్యాయం దొరుకుతుంది.

బెజవాడబార్: స్టూడియోవాడు కాబట్టి దొరుకుతుంది. అదే ఫ్లెక్సీ మీద పక్కింటివాడు గేటు బయట నిలబడి తీసిన ఫొటో పడి ఉంటే? ఒప్పందం లేదు, నమ్మి అప్పగించిందీ లేదు. వ్యాసం కీలు ఇక్కడే ఉంది. పాత కెమెరాకి ఎదురుగా కూర్చోవాలి, కాబట్టి ఒప్పందం సరిపోయింది. క్షణంలో ఫొటో తీసే కెమెరా వచ్చాక ముక్కూమొహం తెలియనివాడు తీస్తాడు, వాడితో మనకి ఏ సంబంధమూ లేదు. అందుకే టార్ట్ కావాలన్నారు.

పాతకోర్టు: కావాలంటే చట్టసభని అడగాలి. 1902లో న్యూయార్క్ కోర్టు రాబర్సన్ కేసులో అదే చెప్పింది. ఒక అమ్మాయి బొమ్మని అడగకుండా పిండి ప్రకటన మీద 25,000 కాపీలు వేస్తే, 4–3తో “ఇలాంటి హక్కు మా తీర్పుల్లో లేదు, శాసనసభ చేయాలి” అన్నారు. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. పద్ధతి అంటే అది.

బెజవాడబార్: వచ్చింది, నిజమే. ఆ అమ్మాయి మాత్రం ఓడిపోయింది! 1905లో జార్జియా కోర్టు పావెసిచ్ కేసులో చట్టం కోసం ఎదురుచూడకుండా హక్కు ఇచ్చింది. మీకు ఓడిపోయిన అమ్మాయి పద్ధతి, మాకు నెగ్గిన మనిషి అక్రమం! మీరు అసలు ఎవరి వైపు సార్?

పాతకోర్టు: ఎవరి వైపో చెప్తాను. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు నాది. ఒక మండల విలేఖరి నా క్లయింటు. ఒక పెద్దమనిషి చెరువు భూమి సంగతి రాయబోతే, ఆయన “నా కుటుంబ ప్రైవసీ” అని ఇంజంక్షన్ తెచ్చాడు. అది ఎత్తేయించేసరికి ఏడాదిన్నర. వార్త చచ్చిపోయింది, కుర్రాడు ఊరొదిలి పోయాడు. ఈ వ్యాసంలో, రాసింది నిజమైనా అది డిఫెన్స్ కాదు, దురుద్దేశం లేకపోయినా డిఫెన్స్ కాదు. చదివినప్పుడల్లా ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఇద్దరు బోస్టన్ లాయర్లు, వాళ్ళ విందుల మీద గాసిప్ రాస్తే వచ్చిన చిరాకు. దానికి హక్కని పేరు.

బెజవాడబార్: ఇది ముందే చెప్పి ఉంటే సగం గొడవ తప్పేది. మీ కోపం కోటేషన్ మీద కాదు, హక్కు మీద. కానీ ప్రజలకు సంబంధించిన విషయం రాస్తే ఈ హక్కు అడ్డు రాదని ఆ వ్యాసమే మొదటి మినహాయింపుగా పెట్టింది. మన 1994 రాజగోపాల్ తీర్పు కూడా, ఆటో శంకర్ కేసు, పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదాన్ని రాయొచ్చంది. చెరువు భూమి రెవెన్యూ రికార్డు కాదా?

పాతకోర్టు: “ప్రజలకు సంబంధించిన విషయం” అవునో కాదో ముందురోజు రాత్రి తేల్చేది ఎవరు? ఇంజంక్షన్ ఇచ్చే జడ్జి. రాజగోపాల్ నేను చూపించాను. చూద్దాం అని వాయిదా వేశారు.

బెజవాడబార్: దానికి నా దగ్గర జవాబు లేదు.

గోదావరిగట్టు: సుబ్బారావు గారి అసమ్మతి ఎవరూ చదవట్లేదు ఇక్కడ.

రెండోసెమిస్టర్: నేను చదువుతాను సార్. ముందు కాటెన్‌హామ్ తీర్పులో ఆ వాక్యం మొత్తం చూస్తా. పేపర్ రెండు భాగాలుగా రాద్దామనుకుంటున్నా: ఉత్తరం ఉదాహరణకి నమ్మకద్రోహం ఒక్కటే సరిపోతుందా అనేది ఒకటి, చేతికి చిక్కిన మూడో మనిషి ఏ నమ్మకమూ ఇవ్వలేదు కదా. పాతకోర్టు గారి ముందురోజు రాత్రి ప్రశ్న రెండోది. శైలు గారూ, ఆ స్టూడియో రసీదు మీద ఫొటోలు వాడుకుంటామని ఏమైనా రాసి ఉందా?

సీమశైలు: ఇప్పుడే తీసి చూశా. వెనకాల సన్న అక్షరాల్లో ఉంది. “ప్రచారానికి వాడుకునే హక్కు మాది” అట.