సమస్య: జీతమడుగఁ జెప్పె జీలకర్ర

నిర్వాహకుడు (కడప):
ఈ వారం సమస్య ఇదే, ఆటవెలది చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. గురువారం దేవుని కడపలో ఒక పెళ్ళికి పోయింటి. పంక్తిలో నా పక్కన బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లోడు కూర్చున్నాడు. వడ్డిస్తున్న వాళ్ళ పెద్దమ్మ గరిటె గాల్లోనే ఆపి, "ఎంతొస్తాది నాయనా నెలకు?" అని అడిగింది. పంక్తిలో ఇరవై మంది ఉన్నారు. వాడు ఆకులోకి చూసి, "జీలకర్ర బాగా వేసినారు పెద్దమ్మా చారులో" అన్నాడు. ఆమె నవ్వి ఇంకో గరిటె పోసింది. ఇంటికొచ్చేలోగా పాదం తయారైంది.

ఒక్క షరతు. అడిగినామె మనసు నొచ్చుకోకూడదు, అడిగించుకున్నవాడు గుట్టు విప్పకూడదు. రెండూ పద్యంలో కనపడాలి.

పెన్నేటి ఇసుక (ప్రొద్దుటూరు):
నాది ముందు.

తలను బెట్టు పిల్ల తానడుగవలెను
వేరె వారికేల వెల యటంచు
పెండ్లి కాని యతడు పెద్దమ్మకు నగుచు
జీతమడుగఁ జెప్పె జీలకర్ర

జీలకర్ర అంటే బెల్లం గుర్తుకు రాకుంటే ఎట్లా? తల మీద పెట్టే పిల్లకు చెప్తాను, నీకెందుకు అని భావం.

గుత్తి కోట:
విరుపు బాగుంది తమ్ముడూ, జీలకర్రను పెళ్ళిపీట మీదికి తెచ్చినావు. అయితే రెండు మాటలు. ఒకటి, జీతాన్ని "వెల" అన్నావు. పెద్దమ్మ ముఖాన ఆ మాట అంటే నవ్వుతూ అన్నా గుచ్చుకుంటుంది. రెండోది ఇంకా పెద్దది. పెళ్ళికాని పిల్లోడు తనే పెళ్ళిమాట ఎత్తితే, జీతం ప్రశ్న పోయి పెళ్ళి ప్రశ్న నెత్తిన కూర్చుంటుంది. "సరేలే, ఎప్పుడు పెట్టించుకుంటావు మరి?" అంటుంది ఆమె. అక్కడ నీ దగ్గర జవాబు ఏముంది?

పెన్నేటి ఇసుక:
ఉగాది సమస్యకు "క్షేమ"కు "చే"తో యతి వేసిన అయ్యవారు నా పద్యానికి తప్పులు చెప్తున్నారు. సంతోషం.

గుత్తి కోట:
క్షకారంలో షకారం ఉంది, అది చకారానికి చెల్లుతుంది. ఆ రోజే చెప్పినాను. నా పూరణ చూడండి.

చారు మరిగె నత్త చల్లగా నడిగెను
నెలకు నెంత వచ్చు నీకటంచు
వాసనేమి వేసి వచ్చెనత్తా యన
జీతమడుగఁ జెప్పె జీలకర్ర

జీలకర్ర చెప్పింది అల్లుడు కాదు, అత్త. అడిగినామెనే చెప్పేటట్టు చేసినాడు.

నిర్వాహకుడు:
అయ్యవారూ, చారు మరగడం, అత్త చల్లగా అడగడం పక్కపక్కన పడినాయి, మొదటి పాదం నాలుగుసార్లు చదువుకున్నా. ప్రశ్న ఎటు పోయింది అంటే అడిగినామెకు బాగా తెలిసిన దిక్కుకు పోయింది. చారు గురించి అడిగితే ఏ అత్తయినా చెప్తుంది, చెప్పేటప్పుడు సంతోషపడుతుంది.

పెన్నేటి ఇసుక:
"అడుగ" అన్నదానికి కర్త ఎవరు, "చెప్పె"కు కర్త ఎవరు? జీతం అడిగింది అత్తే, జీలకర్ర చెప్పింది కూడా అత్తే అయితే "అడుగవచ్చి చెప్పె" అని ఉండాలి. అడుగఁగా ఇంకొకరు చెప్పినారు అన్న అర్థమే వస్తుంది ఇక్కడ. విరుపు కోసం వ్యాకరణాన్ని వంచినారు.

గుత్తి కోట:
మధ్యలో అల్లుడి మాట ఉంది కదా. అతను "అన", ఆమె చెప్పె. నాకు దోషం కనపడలేదు.

ఆదోని అంగడి:
నేను చిన్నప్పుడు కిరాణా కొట్టులో పనిచేసినా. ఆ అనుభవంతో రాసినా.

కొట్టులోని కుర్ర కోరెను కూలిని
సేటు మాట మార్చి చేటనిచ్చె
తూచమంటూ చూపి తూకపు రాళ్ళను
జీతమడుగఁ జెప్పె జీలకర్ర

నెలాఖరుకు డబ్బులడిగితే మా సేటు ఇట్లే చేసేవాడు. చేట చేతికిచ్చి "ముందు జీలకర్ర చెరుగు, తూకం వెయ్యి" అనేవాడు. మూడు నెలల కూలి ఎగ్గొట్టినాడు.

పెన్నేటి ఇసుక:
మూడో పాదం రెండో గణం చూడన్నా, "మంటూ" దీర్ఘమై కూర్చుంది.

ఆదోని అంగడి:
నోట్లో అట్లే వచ్చింది.

నిర్వాహకుడు:
"తూచమనుచు చూపి" అంటే సరిపోతుంది. కానీ అన్నా, సమస్య వేరే దిక్కుకు పోయింది. ఇక్కడ జీతమెంత అని అడిగేది బంధువు. మీ పద్యంలో జీతం ఇమ్మని అడిగేది పనివాడు. అయినా పద్యం తీసెయ్యను, ఇది వేరే సంగతి చూపిస్తోంది. ఇదే జీలకర్ర మాట పంక్తిలో పిల్లోడు అంటే మర్యాద, బాకీ ఉన్న సేటు అంటే మోసం. అడిగినవాళ్ళకు హక్కుందా లేదా అన్నదే తేడా.

గుత్తి కోట:
ఆ హక్కు సంగతి నాకు బాగా తెలుసు, పదేళ్ళుగా సంబంధాలు చూసిపెడుతున్నా. బంధువు అడిగిందంటే ప్రతిసారీ ఆరా కాదు. రెండో ప్రశ్న ఏమొస్తుందో వినాలి. జీతం తర్వాత "నక్షత్రమేంది, సొంత ఇల్లా బాడుగా?" అని వస్తే ఆమె చేతిలో ఎవరిదో పిల్ల జాతకం ఉన్నట్టు. అప్పుడు జీలకర్ర పనికిరాదు. "నాయనను అడగండి పెద్దమ్మా, అన్నీ చెప్తాడు" అని, రాత్రికి నాయనకు ఫోన్ చేసి లెక్క ఉన్నదున్నట్టు చెప్పాలి. "మావాడికి ఇంకా ఏం రాలేదు" అని వస్తే అది పోలిక. అక్కడ అంకె చెప్తే వాళ్ళ పిల్లోడికి దెబ్బ. ఏమీ అడగకుండా, "మా ఇల్లు స్లాబు సగంలో ఆగింది" అని మొదలుపెడితే తర్వాత వచ్చేది చేబదులు.

పెన్నేటి ఇసుక:
ఇదంతా ఎందుకు? తక్కువ చెప్తే సరిపాయె. 80 వేలు వస్తే 30 వేలు అను. గుట్టు గుట్టుగానే ఉంటుంది, చేబదులు అడగరు.

తాడిపత్రి తమలపాకు:
పెన్నేటి అన్నా, అంకె బయటపెట్టొద్దు అన్న మాట నిజమే. అబద్ధం అంకె మాత్రం వద్దు. మా తమ్ముడు అట్లే 30 వేలు అని చెప్పినాడు మేనత్తకు. ఆమె మంచి మనసుతో ఒక సంబంధం దగ్గర అదే మాట చెప్పింది. వాళ్ళు అప్పటికే వాడి ఆఫీసులో పనిచేసే వాళ్ళను అడిగి తెలుసుకొని ఉన్నారు. అత్త మాట అబద్ధమైంది, నలుగురిలో ఆమె తల దించుకుంది. రెండేళ్ళు మా ఇంటికి రాలేదు.

నిజం అంకె చెప్తే ఏమవుతుందో అది నా సొంత కథ. ఉద్యోగం వచ్చిన కొత్తలో సంతోషం పట్టలేక పిన్నమ్మతో "12 లక్షల ప్యాకేజీ" అన్నా. ఆమె పన్నెండుతో భాగించింది. నెలకు లక్ష అని ఊరంతా తెలిసింది. నాకు చేతికొచ్చేది 74 వేలు. ఆ 12 లక్షల్లో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా ఉంది, గ్రాట్యుటీ ఉంది, ఏడాదికోసారి ఇస్తే ఇస్తారు లేకుంటే లేదు అనే బోనస్ ఉంది. మిగిలినదాంట్లో నా పీఎఫ్, పన్ను పోతాయి. ఇదంతా పిన్నమ్మకు ఎవరు చెప్తారు? ఆర్నెల్లకు వాళ్ళబ్బాయి 3 లక్షలు అడిగినాడు. లేవన్నా. "నెలకు లక్ష వచ్చేదానికి మూడు నెలల జీతం లేదా?" అన్నాడు. ఇంటి బాడుగ 22 వేలు అని లెక్క చెప్పడం మొదలుపెట్టినా, చెప్పేకొద్దీ అబద్ధం చెప్తున్నట్టే వినిపించింది వాళ్ళకు.

గుత్తి అయ్యవారూ, మీ పద్యం నాకు చాలా ఇష్టం, కానీ ఒక కొరత ఉంది. అల్లుడు అసలు జవాబే ఇవ్వలేదు. అత్త జీలకర్ర అని చెప్పి, చారు దించి, మళ్ళా అడుగుతుంది. రెండోసారి కూడా చారు వాసన అంటే "నన్ను పరాయిదాన్ని చేసినాడు" అనుకుంటుంది. ముందు చిన్నదైనా ఒక నిజమైన జవాబు పడాలి, ఆ తర్వాతే మాట మళ్ళించాలి. నేను ఇప్పుడు చేసేది అదే. రాసినా చూడండి.

ఇల్లు గడచుచుండె నేకొఱతయు లేదు
నాన్న కెఱుక లెక్క నమ్ముమత్త
నీదు పోపుడబ్బి నింపితివా యన
జీతమడుగఁ జెప్పె జీలకర్ర

నిర్వాహకుడు:
అక్కా, ఇది చదివినాక కాసేపు ఏమీ రాయలేదు నేను. ఇల్లు గడుస్తోంది అన్నది అత్తకున్న నిజమైన భయానికి జవాబు. పిల్ల ఊరుగాని ఊర్లో కష్టపడుతోందేమో అన్నదే చాలామంది అత్తల లోపలి ప్రశ్న. నాన్నకు తెలుసు అనడంతో లెక్క దాచిపెట్టినట్టు కాలేదు, ఇంట్లో ఒకరికి తెలిసే ఉంది. ఆ తర్వాతే డబ్బా మూత తీసినారు.

పెన్నేటి ఇసుక:
"నీదు" వ్యాకరణం ఒప్పినా చెవికి ఎబ్బెట్టుగా ఉంది అక్కా.

తాడిపత్రి తమలపాకు:
"నేడు పోపుడబ్బి" అంటే?

పెన్నేటి ఇసుక:
చెల్లుతుంది. యతి కూడా నిలిచింది.

గుత్తి కోట:
మన దిక్కు తిరగవాత అంటాం కదమ్మా, పోపు ఎక్కడిది? "నేడు తిరగవాత" అని కూడా గణాలు పడతాయి.

తాడిపత్రి తమలపాకు:
గణాలు పడతాయి అయ్యవారూ, కానీ డబ్బి లేకుండా నింపేదేంది?

ఆదోని అంగడి:
ఒక అనుమానం అక్కా. రెండోసారి కూడా అడిగితే?

తాడిపత్రి తమలపాకు:
అదే మాట చెప్పాలి అన్నా, ఒక్క అక్షరం మార్చకుండా. "ఇల్లు గడుస్తోంది అత్తా, నాన్నకు తెలుసు." గొంతు కూడా మారకూడదు. మొదటిసారి ఒకటి, రెండోసారి ఇంకొకటి చెప్తే సందు దొరుకుతుంది, అందులోంచి మూడో ప్రశ్న వస్తుంది. జీతం విషయంలో నాకు ఇది పనిచేసింది. పిల్లల సంగతి అడిగినప్పుడు మాత్రం పనిచేయలేదు. పెళ్ళయి ఐదేళ్ళు, డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాం. "బాగున్నాం అత్తా" అంటే ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నోట మాట రాలేదు నాకు. అక్కడ ఏం చెప్పాలో నాకింకా తెలియలేదు.

గుత్తి కోట:
అక్కడ నువ్వు మాట్లాడొద్దు తల్లీ. మీ అమ్మో, ఆయనో ముందే ఆ అత్తను పక్కకు పిలిచి చెప్పి ఉంచాలి, ఈ మాట ఎత్తొద్దని. మా ఇంట్లో నా భార్య చేసింది ఆ పని, మా కోడలి కోసం.

తాడిపత్రి తమలపాకు:
అమ్మను అడుగుతా అయ్యవారూ.

పెన్నేటి ఇసుక:
అక్కా, నా పద్యంలో "వెల" తీసేసినా. "వేరె వారికేల వివరమంచు" అని మార్చుకున్నా. అయ్యవారూ, "అడుగ" కర్త సంగతి మాత్రం నేను వదల్లేదు.