‘పేజీలు చూశాను’ అంటే ఏం చేసినట్టు?

ప్రశాంతి: మా తమ్ముడు 2016 నుంచి ఒకే పత్రిక డెస్కులో ఉన్నాడు. సబ్ ఎడిటర్‌గా చేరి, సీనియర్ సబ్ అయ్యి, ఇప్పుడు చీఫ్ సబ్. ఇంకో పత్రికవాళ్లు రెజ్యూమె తెలుగులోనే అడిగారు. మూడు హోదాల కిందా ‘జిల్లా పేజీలు చూశాను’ అనే రాశాడు. ‘పదోన్నతి పొందాను’ అని చేరిస్తే ఎదుగుదల తెలుస్తుందా?

సత్యం: పద, ఉన్నతి కలిసి పదోన్నతి. గుణసంధి, మాటలో తప్పు లేదు. అయినా పాత హోదాలెందుకు? ‘చీఫ్ సబ్ ఎడిటర్, 2016 నుంచి’ అని ఒక్క వరుస చాలు.

భాస్కర్: పత్రిక పేరు ఒక్కసారే రాయాలన్నంతవరకు మీ మాట నిజమే సత్యంగారూ. మూడుసార్లు రాస్తే మూడు ఉద్యోగాలు మారినట్టు కనిపిస్తుంది. కానీ అనుభవ ధ్రువపత్రంలో చీఫ్ సబ్ 2022 నుంచే అని ఉంటే, మీరు చెప్పిన వరుస అబద్ధమవుతుంది.

నేను డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. ఇక్కడ చిక్కంతా ‘చూశాను’తోనే. విలేకరి కాపీ దిద్దినా చూడడమే, పేజీ పెట్టించినా చూడడమే, ఇంకొకరు పెట్టించిన పేజీ సరేననడమూ చూడడమే. క్రియ మారిస్తే హోదా పెరిగిందని విడిగా చెప్పక్కర్లేదు. పైన పత్రిక పేరు, మొత్తం కాలం రాసి, కింద ఇలా:

చీఫ్ సబ్ ఎడిటర్, 2022 నుంచి: ఆరుగురికి పని పంచుతాను. జిల్లా ఎడిషన్ మొదటి పేజీ వార్తలు ఎంపిక చేస్తాను. పేజీలన్నీ ఖరారు చేస్తాను.
సీనియర్ సబ్ ఎడిటర్, 2019–2022: రోజూ రెండు పేజీలు పెట్టించాను. కొత్త సబ్‌ల కాపీ సరిచూశాను.
సబ్ ఎడిటర్, 2016–2019: మండల విలేకరుల వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టాను.

ఆరుగురు, రెండు పేజీలు అన్నవి నేను ఊహించినవి. మీ తమ్ముడు తన లెక్కలు వేసుకోవాలి. కొత్త హోదాకే ఎక్కువ చోటివ్వాలి.

రాజేశ్వరి: మా శాఖలో సీనియారిటీ జాబితా వచ్చి మూడేళ్లయినా పదోన్నతులు ఇవ్వలేదు. దీని మీద ఎవరికి రాయాలి?

ప్రశాంతి: అక్కా, ఇది రెజ్యూమె సంగతి. భాస్కర్‌గారూ, 2019లో వాడికి పేరు మారింది గానీ ఏడాదిపాటు పని మారలేదట. అప్పుడెలా?

భాస్కర్: అయితే ఆ ఏడాదికి లేని బాధ్యత అంటగట్టొద్దమ్మా. తేదీ మాత్రం ఉత్తర్వులో ఉన్నదే వేసి, ‘2020 నుంచి రెండు పేజీలు పెట్టించాను’ అని పని మారిన ఏడాదిని వాక్యంలోనే చెప్పాలి.

రాజేశ్వరి: పొరపాటు పడ్డాను, క్షమించండి. అయితే ఒక మాట. మా దగ్గర ‘ఇన్‌ఛార్జ్’ అంటే తాత్కాలికంగా అప్పగించిన బాధ్యతే, పదోన్నతి కాదు. అబ్బాయి ఆ మాట రాసి ఉంటే చూసుకోమనండి.

భాస్కర్: పత్రికల్లో అలా కాదండీ, డెస్క్ ఇన్‌ఛార్జ్ అంటే డెస్కుకు పెద్దే. బయటివాళ్లు చదివేదైతే మాత్రం మీ అనుమానం వాళ్లకీ రావచ్చు.

సత్యం: ‘ఖరారు చేస్తాను’ నాకు టెండరు భాషలా ఉంది. ‘పేజీలు వదులుతాను’ అనరా మీరు?

భాస్కర్: డెస్కులో అంటాం. కాగితం మీద రాయడానికి నాకింకా మనసొప్పడం లేదు.