దూరం నుంచి వచ్చేవాళ్ల చిరాకు మేమెందుకు పడాలి?

కొండాపూర్_కిరణ్: మా టీంలో ఇద్దరు ఎల్బీనగర్ వైపు నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి వస్తారు. తొమ్మిదిన్నర మీటింగ్‌లో ఏం అడిగినా కస్సుమంటారు. ఎందుకంటే ట్రాఫిక్ అంటారు. ఇది నిజంగా ప్రయాణం వల్లేనా, లేక సాకా?

బండి_బాబు: బైక్ మీద రమ్మనండి. సందుల్లోంచి దూరి వచ్చేయొచ్చు. నేను అలాగే వస్తా.

దిల్‌సుఖ్‌నగర్_శ్రీలత: సాకా? అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కి చూడండి. వచ్చేది మూడు బోగీల రైలు, ఒకటి వదిలేస్తే తర్వాతదీ నిండే వస్తుంది. బ్యాగు ముందుకు తగిలించుకుని, ఎవరిదో మోచెయ్యి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే రాయదుర్గం దాకా నిలబడాలి. మెట్రో అక్కడితో ఆఖరు. ఆపైన షేర్ ఆటో, అది నిండితేగానీ కదలదు. ఇంతా చేసి వెళ్తే సీట్లో కూర్చోకముందే "గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడం" అని వెటకారం. పోయిన అప్రైజల్‌లో నాకు సహనం తక్కువని రాశారండీ, చేసిన పని గురించి ఒక్క ముక్క లేదు.

కొండాపూర్_కిరణ్: అమీర్‌పేటలో మారడానికి ఐదు నిమిషాలు చాలు. నేనూ మారాను.

దిల్‌సుఖ్‌నగర్_శ్రీలత: ఏ రోజు?

కొండాపూర్_కిరణ్: శనివారం. ఐతే ఏంటి?

బండి_బాబు: 😂😂

న్యూజెర్సీ_మూర్తి: ఇక్కడి నుంచి న్యూయార్క్ వెళ్లే రైలు ప్రయాణికుల మీద ఇవాన్స్, వీనర్ అనే ఇద్దరు చేసిన పరిశోధన 2007లో వచ్చింది. లాలాజలంలో కార్టిసాల్ కొలిచి చూస్తే, బోగీలో మొత్తం ఎంతమంది ఉన్నారన్నదానికంటే తన వరుసలో పక్కనే ఎంతమంది ఆనుకుని కూర్చున్నారన్నదే ఒత్తిడిని పెంచిందట. కాబట్టి విషయం సింపుల్, కూర్చోవడానికి సీటు, కాస్త చోటు దొరికితే ఆఫీసులో గొడవలుండవు.

పాత_రోస్టర్: మూర్తిగారూ, సీటు ఒక్కటే కాదండీ. నేను చాలాకాలం ఒక కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో పనిచేశాను, క్యాబ్ రూట్లు వేసేది మేమే. రూట్‌లో మొదట ఎక్కేవాళ్లు అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటారు, దారి పొడుగునా మిగతావాళ్ల కోసం ఆగాలి. మరి ఆఫీసులో ఎక్కువ గొడవపడాల్సింది వాళ్లే కదా? నేను చూసినంతలో అలా లేదు. పెద్ద వాన పడి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర అంతా ఆగిపోయిన రోజు క్యాబ్‌వాళ్లూ ఆలస్యమే, సొంతంగా వచ్చేవాళ్లూ ఆలస్యమే. క్యాబ్‌వాళ్లు నవ్వుతూ టీకి వెళ్లేవాళ్లు, ఎందుకంటే క్యాబ్ లేటైతే ఆ లేటు కంపెనీ ఖాతాలో, ట్రిప్ షీట్ చూసి లాగిన్ సర్దేసేవాళ్లం. సొంతంగా వచ్చినవాళ్లకి హాఫ్ డే కట్. వాళ్లు బస్సులో ఉన్నంతసేపూ వాచీ చూసుకుంటూ, మేనేజర్‌కి ఏం చెప్పాలో మనసులో నాలుగుసార్లు అనుకుంటూ వస్తారు. అలా వచ్చిన మనిషిని గుమ్మంలోనే "ఏంటి లేటు" అంటే ఏమవుతుంది? ఇంకో సంగతి, ఎంత దూరమైనా రోజూ ఒకేలా పడితే మనిషి అలవాటు పడతాడు. ఇవాళ గంట, రేపు రెండు గంటలు అన్నప్పుడే నరాలు లాగేస్తాయి. మీ టీంలో గొడవలైన తేదీలు రాసి పెట్టుకోండి, ఆ తేదీల్లో వాళ్లు ఎన్నింటికి లాగిన్ అయ్యారో పక్కన పెట్టండి. టైంకి వచ్చిన రోజు కూడా కస్సుమంటే అది ట్రాఫిక్ కాదు, వేరే ఏదో ఉంది.

కొండాపూర్_కిరణ్: అంటే తప్పు మాదేనా? సరే, మొహమాటం లేకుండా చెప్తా. జీతంలో పెద్ద ముక్క అద్దెకి పోసి నేను దగ్గర్లో ఉంటున్నా. దగ్గరున్నానని పొద్దున్నే వచ్చే ప్రతి ఇష్యూ నా నెత్తినే, వాళ్లొచ్చేసరికి సగం పని నేను చేసుంటా. వాళ్లు సొంతింట్లో ఉంటూ అద్దె మిగుల్చుకుని ఇక్కడికొచ్చి నామీద అరుస్తారు. నాకూ మండుతుంది.

దిల్‌సుఖ్‌నగర్_శ్రీలత: ఇదీ అసలు సంగతి! ముందే చెప్పాల్సింది. మాకు మిగిలేదేం లేదండీ, పాప స్కూలు ఇక్కడ, మా అత్తగారి డయాలసిస్ ఇక్కడ. కొండాపూర్‌లో ఇల్లు మీరు చూసిపెడతారా?

పాత_రోస్టర్: కిరణ్‌గారూ, పొద్దుటి ఇష్యూలు మీ ఒక్కరికే వస్తున్నాయంటే అది మీ మేనేజర్‌తో తేల్చుకోవాల్సిన లెక్క. అసలు ఆ మీటింగ్ తొమ్మిదిన్నరకే ఎందుకు? క్లయింట్ ఉంటారా?

కొండాపూర్_కిరణ్: క్లయింట్ సాయంత్రమే. ఈ టైం మేనేజర్ పెట్టింది. ఆయన నార్సింగిలో ఉంటారు.

బండి_బాబు: పదిన్నర చేయమని అడగండి మరి.

కొండాపూర్_కిరణ్: నేనెందుకు అడగాలి? అప్పుడు ఆ గంట కూడా నేనేగా చూసుకోవాల్సింది.