తమిళ బోర్డు ఫొటో కింద “పేరుంతు” అని రాయాలా, “పేరుందు” అనా?

కొత్త విద్యార్థి: తమిళం నేర్చుకునేవాళ్ల కోసం బోర్డు ఫొటో పెట్టి, కింద మూలం, తెలుగులో పలుకు, అర్థం పక్కపక్కన ఇస్తున్నాను. బస్టాప్ బోర్డుకి “పేరుంతు నిరుత్తమ్” అని రాస్తే తప్పన్నారు. ఉన్న అక్షరమే కదా రాశాను?

పాత పలక: అక్షరం సరే, పలుకు కాదు. తమిళంలో త, ద రెండింటికీ ఒకటే అక్షరం. ముందు అనునాసికం ఉంటే ద, జంటగా వస్తే త్త. ఈ బోర్డులోనే రెండూ ఉన్నాయి చూడండి:

```
பேருந்து | நிறுத்தம்
పేరుందు | నిఱుత్తం
బస్సు | ఆగేచోటు
```

రెండో మాటలో ఉన్నది మన బండి ఱ. నోటికి ర లాగే వస్తుంది కానీ, రాతలో ఱ ఉంచితే మూలంతో పోల్చుకోవడం తేలిక.

మైలాపూరు: సింపుల్ అండీ. మాట మొదట్లో ఎప్పుడూ క, త, ప. మధ్యలో గ, ద, బ.

పాత పలక: సగమే నిజం. జంటక్షరాలు మధ్యలో ఉన్నా పరుషాలే. ఇక మొదటి అక్షరం సంగతి: பயணம் అంటే పయణం, ప్రయాణం. பயம் మాత్రం బయం, మన భయమే. రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. అరువు మాటల దగ్గర సూత్రం పనిచేయదు, తెలిసినవాళ్లని అడగాల్సిందే.

కొత్త విద్యార్థి: ఫొటోలోంచి ఫోన్‌తో కాపీ చేస్తే “పేరునదు” అని చదవాల్సినట్టు వచ్చింది.

పాత పలక: ந் మీది చుక్క పోయింది. దాన్ని పుళ్ళి అంటారు, మన పొల్లు లాంటిది. రంగు పెచ్చులూడినా, ఫొటో మసకగా ఉన్నా ముందు పోయేది అదే. మాట చివర ம் బదులు ఉత్త ம కనిపిస్తే అనుమానించండి. దగ్గరగా, ఎదురుగా నిలబడి మళ్ళీ తీయండి. దీర్ఘపు గుర్తు ா ని ர గా చదివేయడం కూడా మామూలే.

చార్మినార్ చాయ్: నేను ఉర్దూ బోర్డులకి ఇలా చేద్దామనుకుంటే పలుకు వరస తిరగబడుతోందేంటి?

పాత పలక: ఉర్దూ కుడి నుంచి ఎడమకి కదా. పూర్తి వాక్యాల్ని పక్కపక్కన పెట్టకుండా ఒక్కో మాటకి ఒక్కో వరస పెట్టుకోండి. పైగా అక్కడ హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు, పలుకు తెలిసినవాళ్లే నింపాలి.

మైలాపూరు: మరి வழி కి? “వళి” అనేగా రాస్తాం?

పాత పలక: వళి అంటే வளி, గాలి. வழி దారి. ఈ ழ కి సాటి అయిన, పాత తెలుగు శాసనాల్లోని ఴ అక్షరం యూనికోడ్‌లో 2014 నుంచి ఉంది, దాన్నే వాడమంటాను.

మైలాపూరు: నా ఫోన్‌లో అక్కడ డబ్బా కనిపిస్తోంది. చదివేవాడికి డబ్బా కన్నా “ళ” నయం కాదా?